గ్రాముకు ఎంత ఇస్తారని కాదు, ఎన్ని గ్రాములు రాశారని అడగండి

గోల్డ్ లోన్ కోసం వెళ్లేవాళ్లలో చాలామంది అడిగే మొదటి మాట, గ్రాముకు ఎంత ఇస్తారు అని. నా ఉద్దేశంలో అంతకన్నా ముందు చూడాల్సింది అప్రైజర్ కాగితం మీద రాసే నికర బరువు, క్యారెట్. అప్పు మొత్తం తేలేది అక్కడే.

ఒక నెక్లెస్ తూకంలో 36 గ్రాములు వచ్చిందనుకోండి. రాళ్లు, పూసలు, లోపలి లక్క కలిపి 6 గ్రాములు తీసేస్తే లెక్కలోకి వచ్చేది 30 గ్రాములే, కొన్నప్పుడు కట్టిన మజూరీకి ఇక్కడ విలువ లేదు. లెక్క కోసం 22 క్యారెట్ల ధర గ్రాము 9,000 అనుకుంటే విలువ 2,70,000 రూపాయలు. అదే నగ పరీక్షలో 20 క్యారెట్లే తేలితే (పాత నగల్లో అతుకులు ఎక్కువుంటే ఇలా అవుతుంది) దాదాపు 24,500 తగ్గిపోతుంది. అందుకే పరీక్ష మీ కళ్లముందే జరగాలి, ఎంత తీసేశారో, ఎందుకు తీసేశారో కాగితం మీదే రాయించుకోవాలి.

రిజర్వ్ బ్యాంక్ 2025 జూన్‌లో ఇచ్చిన నిబంధనల ప్రకారం, ఇంటి అవసరాలకు తీసుకునే అప్పు రెండున్నర లక్షల లోపైతే విలువలో 85 శాతం వరకు ఇవ్వొచ్చు. అంటే మన నెక్లెస్‌కు 2,29,500. నెలనెలా వడ్డీ కట్టే పద్ధతిలో ఏడాదికి 12 శాతమైతే నెలకు 2,295 కట్టాలి, అసలు అలాగే ఉంటుంది.

అసలు, వడ్డీ అన్నీ ఏడాది చివర ఒకేసారి కట్టే పద్ధతిలో మాత్రం ఆ 85 శాతంలోనే చివర కట్టాల్సిన వడ్డీ కూడా ఇమడాలి, కాబట్టి చేతికి వచ్చేది సుమారు 2,04,900కు దిగుతుంది. ఇది చాలామందికి కౌంటర్ దగ్గరే తెలుస్తుంది. పంట డబ్బులాగా ఒకేసారి డబ్బు వచ్చేవాళ్లకు ఈ పద్ధతి సరిపోతుంది, జీతం వచ్చేవాళ్లు మాత్రం నెలనెలా కట్టుకోవడమే మంచిదంటాను, ఎందుకంటే చివర్లో అంత మొత్తం దొరక్కపోతే రెన్యువల్ చేయించుకోవాలన్నా ముందు ఆ ఏడాది వడ్డీ మొత్తం ఒకేసారి కట్టాల్సిందే, ఇక నగ విడిపించుకోవడం కష్టమవుతుంది.

బాకీ మొత్తం తీరాక నగను ఆ రోజే, లేదంటే గరిష్ఠంగా 7 పనిదినాల్లో ఇచ్చేయాలి. తప్పు అప్పిచ్చినవాళ్లదై ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు పరిహారం. తీసుకునేటప్పుడు హడావుడిగా సంతకం పెట్టేయకండి. సీలు మీ ముందే తెరిపించి, మళ్లీ తూకం వేయించి, మొదటి రోజు కాగితంలోని మొత్తం బరువుతో, ఫొటోతో సరిపోల్చండి. కొక్కెం, రాళ్లు, గొలుసు చివరి లింకులు చూడండి. తేడా కనిపిస్తే అక్కడే రాతపూర్వకంగా రాయించండి. ముట్టినట్టు సంతకం పెట్టి బయటికొచ్చాక, ఆ తేడా వాళ్ల దగ్గరే జరిగిందని చూపించడం మీకు చాలా కష్టం.