షార్ట్‌లిస్ట్ కాలేదని చెప్పే మెయిల్‌లో కారణం ఎలా రాయాలి?

‘మీ ప్రొఫైల్ మా అవసరాలకు సరిపోలేదు’ అన్న మెయిల్‌లో మర్యాదకు లోటుండదు, సమాచారమే ఉండదు. ఏ అవసరమో, ఎక్కడ సరిపోలేదో చెప్పాలంటే రిక్రూటర్ జాబ్ డిస్క్రిప్షన్‌నూ రెజ్యూమెనూ పక్కపక్కన పెట్టుకుని చదవక తప్పదు.

ఒక డేటా అనలిస్ట్ ఉద్యోగం తీసుకుందాం. ఎస్‌క్యూఎల్‌తో 3 ఏళ్ల పని, సొంతంగా చేసిన పవర్ బీఐ డ్యాష్‌బోర్డులు తప్పనిసరి. పైథాన్ వస్తే మంచిది. రెజ్యూమెలో 4 ఏళ్ల రిపోర్టింగ్ అనుభవం ఉంది కానీ, రాసిన పనులన్నీ ఎక్సెల్‌వే. ఎస్‌క్యూఎల్ స్కిల్స్ వరుసలో ఒక్క మాటగా ఉంది. పవర్ బీఐకి కోర్సు సర్టిఫికెట్ మాత్రమే ఉంది. అప్పుడు మెయిల్ ఇలా ఉండొచ్చు:

‘డేటా అనలిస్ట్ ఉద్యోగానికి దరఖాస్తు చేసినందుకు ధన్యవాదాలు. మీ రెజ్యూమెను తదుపరి దశకు ఎంపిక చేయలేకపోయాం. ఈ ఉద్యోగానికి ఎస్‌క్యూఎల్‌తో 3 ఏళ్ల పని అవసరం. మీ రెజ్యూమెలో అది స్కిల్స్‌లో ఉంది కానీ, ఏ ప్రాజెక్టులో ఎలా వాడారో కనిపించలేదు. పవర్ బీఐలో కోర్సు చేసినట్టు ఉంది, సొంతంగా తయారుచేసిన డ్యాష్‌బోర్డుల ప్రస్తావన లేదు.’

ఇందులో కీలకం ‘కనిపించలేదు’ అన్న మాట. ‘మీకు ఎస్‌క్యూఎల్ రాదు’ అనే హక్కు రిక్రూటర్‌కు లేదు, ఆయన చూసింది కాగితాన్నే. అభ్యర్థి రోజూ క్వెరీలు రాస్తూ కూడా ఆ సంగతి రెజ్యూమెలో పెట్టకపోయి ఉండొచ్చు. కాగితం గురించి మాట్లాడితే ఏం దిద్దుకోవాలో అభ్యర్థికి తెలుస్తుంది, మనిషి గురించి తీర్పు చెబితే వాదన మొదలవుతుంది.

పైథాన్ ఊసెత్తలేదని గమనించండి. రెజ్యూమెలో అదీ లేదు. కానీ పైథాన్ రాని మరొకరిని షార్ట్‌లిస్ట్ చేసి, ఈయనకు మాత్రం దాన్ని లోపంగా చూపితే ఆ కారణం నిలబడదు. తప్పనిసరి అర్హతల్లో, అందరికీ ఒకేలా వర్తింపజేసిన వాటినే రాయాలి. ప్రకటనలో లేని షరతును, ఉదాహరణకు ఫలానా రంగంలో అనుభవం, మెయిల్‌లో తొలిసారి బయటపెడితే అభ్యర్థికి కోపం రావడం న్యాయమే.

అసలు కారణం వేరైనప్పుడు చిక్కు ఇంకా పెద్దది. ఉద్యోగం లోపలివాళ్లతో భర్తీ అయిపోతే ఆ మాటే చెప్పాలి. లేని లోపాలు వెతికి రాస్తే, ఆ అభ్యర్థి అవసరం లేని కోర్సుకు నెలలు ధారపోస్తాడు.

ఇలాంటి మెయిల్‌కు తరచు జవాబు వస్తుంది: ‘ఎస్‌క్యూఎల్ ప్రాజెక్టు వివరాలు చేర్చాను, మళ్లీ చూస్తారా?’ స్క్రీనింగ్ ఇంకా నడుస్తుంటే చూడటమే సబబు. ముగిసిపోయి ఉంటే ‘ఈ ఉద్యోగానికి పరిశీలన పూర్తయింది’ అన్న వాక్యాన్ని మొదటి మెయిల్‌లోనే చేర్చాలి.