పాత హైలైట్లు తీయాలంటే అకౌంట్ మూయాల్సిన పనేమీ లేదు

"ఇన్‌స్టాల పెట్టిన పాత స్టోరీలు ఎన్నటికీ పోవు. హైలైట్ తీసేసినా ఆర్కైవ్‌ల అట్లనే ఉంటయ్, కావాలంటే చూస్కోండ్రి. ఆర్కైవ్‌ల ఏసిన పోస్టులు కూడా లింకు ఉన్నోళ్లకు కనబడ్తనే ఉంటయ్. డిలీట్ కొట్టినా మళ్ల తెచ్చుకోవచ్చు, అంటే పోనట్టే కదా. అన్నీ పోవాలంటే అకౌంట్ తీసేసి కొత్తది తెరవాలె. లేకుంటే క్లీనర్ యాప్‌ల పాస్‌వర్డ్ పెడితే నిమిషంల తుడుస్తది."

పాలమూరులో ఇంటి నుంచి చీరలు, నగలు, పచ్చళ్లు అమ్మేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇది తిరుగుతూనే ఉంది. దీన్ని నమ్మి మెట్టుగడ్డలో ఉండే మా అక్క ఏళ్లుగా నడిపిన పేజీని మూసేయబోయింది. ఆమె అమ్మేవి గద్వాల పట్టు, నారాయణపేట కాటన్ చీరలు. పేజీ మీద రెండు పాత హైలైట్లు ఆమెకు తలనొప్పిగా మారాయి. ఒకటి "రేట్లు". అందులో 2021 దసరాకు పెట్టిన ధరలు ఇంకా ఉన్నాయి. "మీ పేజీలనే 2,800 అని ఉన్నది కదా, ఇప్పుడు 4,500 అంటున్నరేంది?" అని కస్టమర్లు స్క్రీన్‌షాట్ తీసి పంపుతున్నారు. రెండోది "మా కస్టమర్లు". ఆ హైలైట్‌లో ఉన్న ఒక పెళ్లికూతురి ఫొటో తీసేయమని వాళ్లింటి వాళ్లు అడిగారు. ఈ రెంటికీ అకౌంట్ మూయడమే మందు అని ఫార్వర్డ్ చెబుతోంది. కాదు.

హైలైట్ గురించి ఆ ఫార్వర్డ్ రాసినాయన కళ్లతో చూసింది నిజమే. చూసినదానికి చెప్పుకున్న అర్థమే తప్పు. స్టోరీ 24 గంటల తర్వాత జనానికి కనబడదు. అయితే Save story to archive అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే దాని ప్రతి మీ ఆర్కైవ్‌లోకి చేరుతుంది. ఆర్కైవ్‌ను మీ అకౌంట్‌లో లాగిన్ అయినవాళ్లు తప్ప ఇంకెవరూ చూడలేరు. హైలైట్ అంటే ఆ ఆర్కైవ్‌లోని కొన్ని స్టోరీలను ఏరి, ఒక పేరు, ఒక కవర్ పెట్టి ప్రొఫైల్ మీద గుండ్రంగా తగిలించిన బోర్డు. బోర్డు పీకేస్తే జనానికి కనబడదు, లోపలి సరుకు మాత్రం లోపలే ఉంటుంది. హైలైట్ మీద వేలు నొక్కిపట్టి Delete highlight అన్నప్పుడు జరిగేది అంతే. ఆ తర్వాత మీ ఫోన్‌లోనే ఆర్కైవ్ తెరిచి "ఇంకా ఉంది" అంటే, ఉంది నిజమే, కానీ అది మీ ఒక్కరికే కనబడుతోంది.

మరి స్టోరీనే పోవాలంటే? హైలైట్ దగ్గర కాదు, ఆర్కైవ్ దగ్గర తీయాలి. ప్రొఫైల్‌లో పైన మూడు గీతల గుర్తు నొక్కి Archive లోకి వెళ్లండి. పైన పేరు మీద నొక్కితే Stories archive, Posts archive, Live archive అని విడివిడిగా వస్తాయి. స్టోరీలలో క్యాలెండర్ గుర్తు కూడా ఉంటుంది. 2021 అక్టోబర్‌కు పోవాలంటే వేలు నొప్పి పుట్టేదాకా కిందికి జరపక్కర్లేదు, ఆ నెలకే వెళ్లి తేదీ మీద నొక్కవచ్చు. స్టోరీ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, Delete అనండి. ఆర్కైవ్‌లో తీసిన స్టోరీ ఏ హైలైట్‌లో ఉన్నా అక్కడి నుంచి కూడా పోతుంది. హైలైట్‌లో ఉన్నది ఆ ఒక్కటే అయితే హైలైట్ కూడా మాయమవుతుంది. అప్‌డేట్లు వచ్చినప్పుడల్లా ఈ మెనూ పేర్లు అటూ ఇటూ మారుతుంటాయి గానీ దారి ఇదే.

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. హైలైట్ తెరిచి అందులోని స్టోరీ మీద మూడు చుక్కలు నొక్కితే Remove from highlight అని కనబడుతుంది. దాన్నే డిలీట్ అనుకుని నొక్కేస్తారు. స్టోరీ హైలైట్ నుంచి మాత్రమే జారుతుంది, ఆర్కైవ్‌లో అట్లాగే ఉంటుంది. రేపు దుకాణంలో సాయం చేసే పిల్లోడు కొత్త హైలైట్ కడుతూ పొరపాటున దాన్ని మళ్లీ ఎంచుకుంటే, అదే పాత ధర ప్రొఫైల్ మీదికి తిరిగొస్తుంది. అప్పుడు "చూశారా, పోలేదు" అంటారు.

అక్క విషయంలో రెండు హైలైట్లకు రెండు రకాల వైద్యం చేశాం. "రేట్లు" మొత్తానికే పనికిరానిది. కాకపోతే ఏ ఏడు ఏ ధరకు అమ్మిందో తన లెక్కకు ఉండాలంది. అందుకని హైలైట్ మాత్రం తీసేసి, స్టోరీలను ఆర్కైవ్‌లో ఉంచాం. అవి ఆమెకు తప్ప కనబడవు, ఆ మేరకు సమస్య తీరిపోయింది. "మా కస్టమర్లు" అట్లా కాదు. పెళ్లికూతురి ఫొటో ఆమె దగ్గర కూడా ఉండకూడదన్నది వాళ్ల కోరిక. మిగతా ఫొటోలు ఉండొచ్చు. కాబట్టి హైలైట్‌ను ముట్టుకోకుండా, ఆర్కైవ్‌లో ఆ పెళ్లి తేదీ వెతికి, ఆ స్టోరీలను ఒక్కొక్కటే డిలీట్ చేశాం. హైలైట్ కవర్‌గా కూడా అదే అమ్మాయి ఫొటో ఉంది. హైలైట్ మీద నొక్కిపట్టి Edit highlight లోకి వెళ్లి, కవర్‌కు ఒక గద్వాల అంచు ఫొటో పెట్టాం. స్టోరీ తీసి కవర్ మరిచిపోయేవాళ్లు చాలామంది, మీరు అది కూడా చూసుకోండి.

పోయిందో లేదో మీ ఫోన్‌లో చూస్తే తేలదు. మీ అకౌంట్ లేని ఇంకో ఫోన్ నుంచి, అదీ మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్ల అకౌంట్ నుంచి చూడాలి. పేజీ ప్రైవేట్ అయితే ఫాలో కానివాళ్లకు ఎలాగూ ఏమీ కనబడదు, కాబట్టి ఆ పరీక్ష పనికిరాదు. అక్క పేజీని మా మేనకోడలు ఫోన్‌లో తెరిచి చూశాం. వాళ్లకు కనబడకపోతే పోయినట్టే.

ఆర్కైవ్‌లో వేసిన పోస్టుల మాటకు వస్తే, ఫార్వర్డ్‌లో చెప్పింది సూటిగా తప్పు. పోస్టు ఆర్కైవ్ చేశాక పాత లింకు నొక్కినవాళ్లకు ఆ పేజీ అందుబాటులో లేదనే వస్తుంది. లైకులు, కామెంట్లు చెరిగిపోవు, దాగి ఉంటాయి. Show on profile అంటే వాటితో సహా పాత తేదీ చోటికే తిరిగి వస్తుంది. అంటే దాచడానికి ఆర్కైవ్, తీసేయడానికి డిలీట్. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. ఆర్కైవ్ "మీ ఒక్కరికే" అన్నాను కదా, ఆ "మీరు" అంటే పాస్‌వర్డ్ ఉన్న ప్రతివాళ్లూ. నిరుడు పనిచేసి మానేసిన అమ్మాయి ఫోన్‌లో అకౌంట్ ఇంకా తెరిచే ఉంటే, ఆమె మొత్తం చూడగలదు. సెట్టింగ్స్‌లో Where you're logged in చూసి, తెలియని ఫోన్లు తీసేసి, పాస్‌వర్డ్ మార్చుకోవాలి. ఫార్వర్డ్ భయపెట్టిన లింకుల కంటే ఈ ముప్పు నిజమైనది.

డిలీట్ కొట్టినది తిరిగి తెచ్చుకోవచ్చన్న మాట సగం నిజం. తీసిన పోస్టు, రీల్, ఆర్కైవ్ స్టోరీ వెంటనే Recently deleted లోకి వెళతాయి. Your activity లో ఆ ఫోల్డర్ ఉంటుంది. 30 రోజుల దాకా అందులో ఉండి, ఆపైన వాటంతట అవే పోతాయి. ఆర్కైవ్‌లో లేని స్టోరీ అయితే 24 గంటలే. ఆ గడువులో కూడా అది ఇంకొకరికి కనబడదు. ఎవరో అకౌంట్‌లో దూరి అన్నీ తుడిచేస్తే అసలు యజమాని వెనక్కి తెచ్చుకోవడానికి ఇచ్చిన వెసులుబాటిది. ఆగేది లేదనుకుంటే ఆ ఫోల్డర్ తెరిచి అక్కడ మరోసారి డిలీట్ చేయండి, మీరు ఇక తెచ్చుకోలేరు. పెళ్లికూతురి ఫొటోల విషయంలో అట్లాగే చేశాం. కంపెనీ సర్వర్ల నుంచి పూర్తిగా తుడవడానికి 90 రోజుల దాకా పట్టొచ్చని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. అకౌంట్ మొత్తం తీసినా పట్టేది ఇంతే. అంటే అకౌంట్ మూస్తే ఈ పని తొందరగా అవుతుందన్నది ఉత్త భ్రమ.

అకౌంట్ మూసేస్తే ఏమవుతుందో కూడా చూద్దాం. అందులో రెండు రకాలున్నాయి. డీయాక్టివేట్ చేస్తే అన్నీ దాక్కుంటాయి, మళ్లీ లాగిన్ కాగానే ఆ దసరా రేట్లతో సహా తిరిగి ప్రత్యక్షమవుతాయి. కాబట్టి శుభ్రం చేయడానికి అది పనికిరాదు. పూర్తి డిలీట్‌కు అడిగితే మనసు మార్చుకోవడానికి 30 రోజుల గడువిచ్చి, ఆ తర్వాత తీసేస్తారు. అప్పుడు ఫాలోవర్లు, కామెంట్లు, పాత ఆర్డర్ల మెసేజ్‌లు అన్నీ పోతాయి, అదే యూజర్‌నేమ్ మళ్లీ దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి మెసేజ్‌లలో ఆర్డర్ పెట్టేవాళ్లు కొత్త పేజీని వెతుక్కుంటూ రారు. పైగా అవతలివాళ్లకు మీరు పంపిన మెసేజ్‌లు వాళ్ల దగ్గర ఉండిపోతాయి, వాళ్లు తీసిన స్క్రీన్‌షాట్లు కూడా. ఆ 2,800 స్క్రీన్‌షాట్ పంపిన కస్టమర్ ఫోన్‌లో అది అట్లాగే ఉంటుంది.

క్లీనర్ యాప్ గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. మీ పాస్‌వర్డ్ అడిగే ఏ యాప్‌కూ ఇవ్వకండి. ఇచ్చినరోజు ఆర్కైవ్‌తో సహా మొత్తం అకౌంట్ వాళ్ల చేతుల్లో పెట్టినట్టే. ఒకేసారి చాలా తీయాలంటే Your activity లోనే పోస్టులు, రీల్స్ ఎంచుకునే వీలుంది. తేదీల వారీగా వడపోసి, Select నొక్కి, టిక్కులు పెట్టుకుంటూ పోయి, అన్నింటినీ ఒకేసారి ఆర్కైవ్ చేయొచ్చు లేదా తీసేయొచ్చు. స్టోరీలను మాత్రం నేను ఆర్కైవ్‌లో ఒక్కొక్కటే తెరిచి తీస్తాను. ఆలస్యమైనా తప్పు ఫొటో పోదు. ఎక్కువ తీసేముందు Accounts Center నుంచి మీ డేటా ఒక ప్రతి దించుకోండి. HTML ఎంచుకుంటే కంప్యూటర్‌లో మామూలు పేజీల్లా తెరుచుకుంటుంది. తయారైన ఫైల్ లింకు కొద్ది రోజులే పనిచేస్తుంది, కాబట్టి రాగానే దించుకోవాలి.

Save story to archive ఆపేస్తే పాతవి పోతాయని కూడా కొందరు గ్రూపుల్లో రాస్తున్నారు. పోవు. అది ఇకముందు పెట్టే స్టోరీలకు మాత్రమే వర్తిస్తుంది. పైగా దాన్ని ఆపితే రేపు మంచి స్టోరీ ఒకటి హైలైట్ చేద్దామన్నా ఆర్కైవ్‌లో దొరకదు. అక్కను దాన్ని ఆన్‌లోనే ఉంచమన్నాను.

అంతా అయ్యాక అక్క అడిగింది, "తమ్మీ, ఫేస్‌బుక్‌ల గూడ పోయినట్టేనా?" ఆమె ఇన్‌స్టాలో పెట్టేటప్పుడు ఫేస్‌బుక్‌కు కూడా షేర్ అయ్యేలా ఎప్పుడో ఆన్ చేసి మరిచిపోయింది. అటు వెళ్లినవాటిని అక్కడికే వెళ్లి చూసుకోవాలి. దానికి వేరే ఆర్కైవ్ ఉంది. ఆ షేరింగ్ ముందు ఆపేసి, తర్వాత ఆ దసరా వారం ఫేస్‌బుక్ స్టోరీలు వెతకడం మొదలుపెట్టాం.