చివరి ఫ్రేమ్ అతికించినంత మాత్రాన సీను కలవదు

చిన్న చిన్న AI వీడియో క్లిప్పులు కలిపి పొడవైన సీను చేయాలనుకునేవాళ్లకి వినపడే సలహా ఇది: "క్లిప్ చివరి ఫ్రేమ్ తీసి తర్వాతి క్లిప్‌కి మొదటి ఫ్రేమ్‌గా ఇవ్వండి. సీడ్, ప్రాంప్ట్ మార్చకండి. ఎంత పొడవు సీనైనా అతుకు కనపడకుండా వచ్చేస్తుంది."

ముందు చివరి ఫ్రేమ్ సంగతి. ఈ పద్ధతిలోనే నేనొక టీ కొట్టు సీను చేశాను, 8 సెకన్ల క్లిప్పులు నాలుగు. మొదటి క్లిప్ చివర్లో టీ మాస్టర్ పొయ్యి మీదికి వంగాడు, ముఖం సగం ఆవిరిలో కలిసిపోయింది. రెండో క్లిప్‌లో తలెత్తేసరికి మీసం పలచబడింది, నుదుట బొట్టు మాయం! మోడల్‌కి అందింది ఆ ఒక్క బొమ్మే కాబట్టి, అందులో కనపడని ముఖాన్ని కొత్తగా ఊహించుకుంది. కదలికదీ అదే గొడవ. ఆగిన బొమ్మను చూసి చెయ్యి పైకి వెళ్తోందో కిందికి వస్తోందో ఎవరు చెప్పగలరు? అందుకే అతుకు దగ్గర చెయ్యి ఒక్క క్షణం బిగుసుకుని మళ్లీ కదులుతుంది. పైగా ఒకే ఫ్రేమ్ రెండుసార్లు పడుతుంది. రెండో క్లిప్ మొదటి ఫ్రేమ్ కోసేస్తే ఆ తడబాటు కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

"ఎంత పొడవైనా" అన్నది ఇంకా పెద్ద మాట. ఇది జిరాక్స్‌కి జిరాక్స్ తీయడం లాంటిది. ప్రతి క్లిప్‌లో కాస్త పోయే వివరం, కాస్త మారే రంగు తర్వాతి దానికి అసలుగా చేరతాయి. మొదటి క్లిప్ మొదటి ఫ్రేమ్, నాలుగో క్లిప్ చివరి ఫ్రేమ్ పక్కపక్కన పెట్టి చూడండి. నా సీన్లో చర్మం మైనం పూసినట్టయింది, గోడ పసుపు నారింజకి తిరిగింది.

సీడ్ అంటే మోడల్ మొదలుపెట్టే నాయిజ్‌ని, అంటే అడ్డదిడ్డపు చుక్కల్ని, నిర్ణయించే అంకె, అంతే. మొదటి ఫ్రేమ్ మారితే అదే సీడ్ వేరే ఫలితమిస్తుంది. అందులో మనిషి ముఖం దాగి ఉండదు. ఇక ప్రాంప్ట్‌లో "నీలం చొక్కా" అని రాస్తే ఎన్ని నీలాలు లేవు?

నేను చివరికి ఆ గొలుసు వదిలేశాను. ముఖం, కొట్టు స్పష్టంగా ఉన్న ఒక్క బొమ్మ చేసుకుని, ప్రతి షాట్‌కీ మొదటి ఫ్రేమ్‌ని దాని నుంచే తయారుచేశాను. దాంతో ఒక షాట్ పాడైనా ఆ చెడు తర్వాతి దానికి పాకదు. అతను వంగుతుండగానే కట్ చేసి, గ్లాసులో పడే టీ ధార క్లోజప్ రెండు సెకన్లు వేసి, అప్పుడు ముఖం చూపించాను. పొయ్యి చప్పుడు ఒకే ట్రాక్‌గా అన్ని షాట్ల కింద పరిచాను. చూసేవాళ్లకి అది ఒకే చోటు అనిపించడానికి సగం కారణం ఆ చప్పుడే.

ఇంతా చేశాక కూడా బల్ల మీద గ్లాసులు ఒక షాట్‌లో ఐదు, ఇంకో షాట్‌లో ఆరు. మాటల్లో ఎన్నిసార్లు చెప్పినా లెక్క కుదరలేదు. ఫ్రేమ్‌ని దగ్గరికి కోసి బల్లనే తీసేశాను.