తక్కువ మార్కులొచ్చిన సెక్షన్‌కే గంటలన్నీ పోయమనే మెసేజ్

"డయాగ్నస్టిక్ టెస్ట్‌లో తక్కువ వచ్చిన సెక్షన్‌కే 70 శాతం గంటలు. బాగా వచ్చినదాన్ని ముట్టుకోవద్దు. ప్రతి సెక్షన్‌లో టార్గెట్ 90 శాతం. పొద్దున 4కే లేవండి. పదిమందికి పంపండి."

ఈ వారంలో ఐదోసారి వచ్చింది. చివరిసారి పంపింది కావలిలో ఐబీపీఎస్ క్లర్క్‌కి చదువుతున్న మా మేనల్లుడు.

4కి లేస్తారా, మీ ఇష్టం. పరీక్ష మాత్రం ఆ టైముకి పెట్టరు.

90 శాతం ఎందుకు? ప్రిలిమ్స్ మార్కులు ఫైనల్ మెరిట్‌లో కలవవు. మన రాష్ట్రం పాత కటాఫ్ చూసి, పైన నాలుగైదు మార్కులు వేసుకుంటే చాలు. మిగిలిన ఓపిక మెయిన్స్‌కి దాచుకోండి.

అసలు తంటా ఆ 70 శాతంతోనే. మావాడికి రీజనింగ్‌లో 19, ఇంగ్లీష్‌లో 12, మ్యాథ్స్‌లో 8.5 వచ్చాయి. చేతిలో 200 గంటలు. మెసేజ్ ప్రకారం మ్యాథ్స్‌కే 140 పోయాలి. నేను ఆ సాయంత్రమే, పోయిన ప్రశ్నలన్నీ గడియారం లేకుండా మళ్లీ చేయించాను. మ్యాథ్స్‌లో పోయిన 25లో 14 సరిగ్గా చేశాడు! 450లో 18 శాతం అంటే పెన్ను తీసి నిలువు గుణకారం వేస్తున్నాడు. వాడికి లెక్క వచ్చు, వేగం లేదు. దానికి రోజూ అరగంట సింప్లిఫికేషన్ కావాలి గానీ, 140 గంటల బేసిక్స్ క్లాసు దేనికి? ఇంగ్లీష్‌లో పోయిన 16లో టైమిచ్చినా 3 దాటలేదు. అక్కడ చదివే అలవాటే లేదు, అది నిదానంగా గానీ పెరగదు.

"బాగా వచ్చిన" రీజనింగ్ కథ వినండి. ఒక పజిల్‌లో నాలుగో సీటు దగ్గర ఇరుక్కుని 7 నిమిషాలు కూర్చున్నాడు. ఉన్నదే 20 నిమిషాలు, మిగతా సెక్షన్ల టైము ఇటు రాదు. ఆ సెట్‌ని వదిలేయడం నేర్చుకుంటే ఇంకో సెట్ దొరుకుతుంది, అంటే ఐదు ప్రశ్నలు. ఇంత చౌకగా మార్కులు దొరికే చోటుని ముట్టుకోవద్దట! ఎంత తెలివండీ.

మేం రీజనింగ్ 28, మ్యాథ్స్ 24, ఇంగ్లీష్ 18 టార్గెట్ పెట్టుకున్నాం. గంటలు వరసగా 60, 70, 40. మిగిలిన 30 మాక్‌లకీ, వాటిలో తప్పులు చూసుకోవడానికీ.

ఒక్కచోట మాత్రం మెసేజ్‌దే రైటు. ఐబీపీఎస్‌లో సెక్షన్‌కో కటాఫ్ ఉంటుంది. మీ మార్కులు దానికంటే కింద ఉంటే, ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ముందు ఆ సెక్షన్‌నే పట్టుకోండి. నేను ఒకప్పుడు మొత్తం కటాఫ్ దాటి, ఇంగ్లీష్‌లో పోయినవాణ్ణే.

మూడు వారాలకి ఇంకో మాక్ రాశాడు. మ్యాథ్స్ 15కి వచ్చింది, ఇంగ్లీష్ 12 దగ్గరే ఉంది. మ్యాథ్స్‌లోంచి 10 గంటలు తీసి అటు వేశాం.