చదివితే భక్తి తగ్గుతుందని ఆ పట్టిక చెప్పలేదు

మతం మీద ఏ సర్వే వచ్చినా మన దగ్గర ఒకటే శీర్షిక: చదువుకున్నోళ్లలో భక్తి తగ్గుతోంది, డబ్బొస్తే ఇంకా తగ్గుతోంది. ఒకదానితో పాటు మరొకటి సగటున ఎంత మారుతోందో చూపే రిగ్రెషన్ పట్టికలో ఒక మైనస్ గుర్తు కనబడితే చాలు, కారణం దొరికిందని తీర్మానించేస్తారు. నా దృష్టిలో అది పట్టికను చదవడం కాదు, దాని మీద మన నమ్మకాన్ని రుద్దడం.

హనుమకొండ, ములుగు, జనగామల్లో ఒక సర్వే జరిగిందనుకుందాం. భక్తికి 0 నుంచి 10 దాకా స్కోరు. చదివిన ఏళ్లకు ఎదురుగా −0.12 అని ఉంది. చదువులో ఏడాది తేడా ఉన్న ఇద్దరిని పోలిస్తే, ఎక్కువ చదివినవారి స్కోరు సగటున 0.12 తక్కువని దానర్థం. అంతే తప్ప, ఒకే మనిషిని ఇంకో ఏడాది కాలేజీకి పంపితే అతని భక్తి అంత తగ్గుతుందని కాదు. బడి మొహం చూడని డెబ్బై ఏళ్ల అవ్వ పొద్దున్నే దీపం పెడుతుంది, బీటెక్ చదివే మనవడు పెట్టడు. వాళ్ల మధ్య తేడా చదువుదా, వయసుదా? అందుకే ఆ లెక్కలో, అంటే మోడల్‌లో, వయసును కూడా చేర్చారనుకోండి. ఆ అంకె −0.05కు దిగింది. అంటే ఒకే వయసువాళ్లలో పదేళ్ల చదువు తేడాకు అర పాయింటు. ఆ అర పాయింటులోనూ తల్లిదండ్రుల భక్తి, కులం, ఊరా పట్నమా అన్న తేడాలు ఎంత కలిసున్నాయో తెలియదు.

ఆదాయాన్ని చేర్చాక అసలు తిరకాసు మొదలవుతుంది. చదువు ఉద్యోగాన్ని, ఉద్యోగం ఆదాయాన్ని తెస్తుంది. ఆదాయాన్ని మోడల్‌లో పెట్టామంటే, ఒకే సంపాదన ఉన్నవాళ్లను మాత్రమే పోలుస్తున్నాం. పదో తరగతితో ఆటో నడిపే మనిషి పక్కన, డిగ్రీ చేసి కూడా అంతే సంపాదిస్తున్నవాణ్ని నిలబెడుతున్నాం. డిగ్రీకి తగ్గ ఉద్యోగం రాని టెన్షన్‌లో ఉన్న ఆ రెండో మనిషి మామూలు డిగ్రీవాడికి ప్రతినిధి కాడు. ఇక చదువు అంకెను, ఆదాయం అంకెను పక్కపక్కన పెట్టి ఏది బలమైన కారణమని తూచడం దండగ.

కెనడాలో ఇది రుజువైందిగా అంటారు. నిజమే, 2014లో ఆర్థికవేత్త డేనియల్ హంగర్‌మన్ నిర్బంధ విద్యా చట్టాల మార్పులను వాడుకుని, చదువు పెరిగితే తమకు ఏ మతమూ లేదని చెప్పేవాళ్లు పెరిగారని చూపాడు. అక్కడ చదువును పెంచింది చట్టం, కుటుంబం ఇష్టం కాదు. మామూలు సర్వేకు ఆ బలం లేదు. పైగా 2011 జనగణనలో మన దేశంలో మతం చెప్పనివారు 0.24 శాతమే, కాబట్టి ఆ కొలబద్దతో ఇక్కడ తేడా పట్టుకోవడం కష్టం.

నాకు అంతకన్నా పెద్ద అనుమానం ప్రశ్న మీదే. వారానికి ఎన్నిసార్లు గుడికి వెళ్తారు అన్నది ఆదివారం చర్చి లెక్కల నుంచి వచ్చిన ప్రశ్న. రెండేళ్లకోసారి మేడారం వెళ్లి గద్దెల దగ్గర నిలువెత్తు బంగారం సమర్పించే రైతు దానికి సున్నా అంటాడు. ప్రతి శుక్రవారం భద్రకాళి గుడి మీదుగా ఇంటికెళ్లే ఆఫీసరు ఒకటి అంటాడు. ఇక్కడ మనం కొలిచింది భక్తినా, గుడి దూరాన్నా? మేడారం మొక్కు, బోనం, ఇంటి దేవుడి కొలుపు విడివిడిగా అడిగి అదే మోడల్‌ను మళ్లీ నడిపితే, చదువు ముందు మైనస్ అలాగే నిలుస్తుందని నేనైతే పందెం కాయను.