పేరుతో మొదలుపెట్టకండి: జాబ్ మేళాలో ఆ 15 సెకన్లు

జాబ్ మేళా స్టాల్‌లో కూర్చున్న రిక్రూటర్ మన మాట వింటూనే మన రెజ్యూమెను ఏ కట్టలో పెట్టాలా అని ఆలోచిస్తుంటారు. ఏ పోస్టు, పనికొస్తారా, మళ్లీ పిలవాలా? 15 సెకన్లలో తేలాల్సింది ఇంతే. అందుకే అడిగే పోస్టు మొదటి వాక్యంలోనే రావాలి.

సాధారణంగా జరిగేది వేరు. 'నా పేరు రవి, మెకానికల్ డిప్లొమా చేశాను, కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను, మీ కంపెనీలో ఏవైనా ఓపెనింగ్స్ ఉన్నాయా?' ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఏ పోస్టుకో వెతికే పని రిక్రూటర్ మీదే పడింది. కష్టపడతాననే మాట ముందు వచ్చినవాళ్లూ అన్నదే. పైగా రిక్రూటర్ అంతకుముందు వచ్చిన అభ్యర్థి గురించి నోట్ రాసుకుంటూ తలెత్తేలోపు మొదటి రెండు మాటలు మేళా గోలలో కలిసిపోతాయి. పోయింది పేరైతే నష్టం లేదు, అది రెజ్యూమె మీద ఎలాగూ ఉంటుంది. పోస్టు పేరు పోతేనే నష్టం, అందుకే ముందు పలకరించి, వాళ్లు తలెత్తాకే పోస్టు పేరు చెప్పడం మంచిది.

అదే అభ్యర్థి ఇలా చెప్పొచ్చు: 'నమస్కారమండీ, క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ పోస్టు కోసం వచ్చాను. నా పేరు రవి, మెకానికల్ డిప్లొమా చేశాను. ఆరు నెలలు ఒక వర్క్‌షాపులో రోజుకు 80 షాఫ్టులు మైక్రోమీటర్‌తో కొలిచి రిపోర్టు రాశాను. మీ దగ్గర కొలతలు తీసేది చేత్తోనా, సీఎంఎం మీదా?'

ఇవి 30 మాటలు. తొందరపడకుండా సెకనుకు రెండు మాటల చొప్పున పలికితే సరిగ్గా 15 సెకన్లు. ఇందులో బరువంతా 80 షాఫ్టుల వాక్యానిదే. పరికరం పేరు, పని, లెక్క మూడూ అందులోనే ఉన్నాయి కాబట్టి రిక్రూటర్ తర్వాతి ప్రశ్న అక్కడినుంచే వస్తుంది. 'మీరు వాడిన మైక్రోమీటర్ లీస్ట్ కౌంట్ ఎంత?' అంటే, అది కొలవగల అతి చిన్న కొలత 0.01 మిల్లీమీటరు అని వెంటనే చెప్పగలగాలి. తడబడితే 80 అన్న అంకె మీద కూడా అనుమానం వస్తుంది. చేయని పనికి అంకె తగిలించకూడదనేది ఇందుకే.

చివరి ప్రశ్న కూడా ఆ పని తెలిసినవాళ్లు అడిగేదే కావాలి. అవతల ఉన్నది హెచ్ఆర్ మనిషైతే సీఎంఎం అంటే కొలతలు తీసే కంప్యూటర్ యంత్రమని తెలియకపోవచ్చు. అప్పుడు 'ఈ పోస్టుకు ఫ్రెషర్లను తీసుకుంటున్నారా?' అంటే చాలు.

ఇంట్లో ఫోన్‌లో రికార్డు చేసుకుంటే రెండు లోపాలు బయటపడతాయి. బట్టీపట్టిన మాటకు వాక్యం చివర స్వరం పడిపోతుంది, కంగారులో మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. వాక్యాలను బట్టీపట్టకుండా పోస్టు, చదువు, పని, ప్రశ్న అనే వరుస మాత్రం గుర్తుపెట్టుకుంటే మొదటిది తగ్గుతుంది. రెండోదానికి మందు 80 షాఫ్టుల వాక్యం ముందు ఒక్క ఊపిరి తీసుకోవడం.

రెజ్యూమె ఎప్పుడివ్వాలి? ముందే ఇస్తే వాళ్ల కళ్లు కాగితం మీదికి పోతాయి, మాట వినపడదు. ప్రశ్న అడిగాక చేతికిచ్చి ఆగాలి. జవాబు వచ్చేదాకా ఇంకో మాట కలపొద్దు.