సెలవు కోస్తే రెండు వేలు, కొంటే ఎనిమిది వందలు

పే స్లిప్ ఇప్పుడే వచ్చింది. నాలుగు రోజుల లాస్ ఆఫ్ పే, ఎనిమిది వేలు కోత. నేను ఆఫీసుకు రానిది రెండే రోజులు. నా ఖాతాలో ముప్పై ఎర్న్‌డ్ లీవులు ఉన్నాయి. అయినా కోశారు.

గురువారం రాత్రి నాన్న పడిపోయాడని అక్క అనంతపురం నుంచి ఫోన్ చేసింది. చేతికందిన బట్టలు బ్యాగులో పెట్టుకుని బెంగళూరు మెజెస్టిక్‌లో బస్సెక్కాను. బస్సులోంచే టీమ్ లీడ్‌కి వాట్సాప్ పెడితే, "జాగ్రత్తగా వెళ్ళిరా, ఇక్కడ మేం చూసుకుంటాం" అన్నాడు. శుక్రవారం, సోమవారం ఆసుపత్రిలో ఉన్నాను. మంగళవారం పొద్దున సీట్లో కూర్చున్నాను.

ఇప్పుడు హెచ్‌ఆర్ ఏమంటోందంటే, హ్యాండ్‌బుక్ ప్రకారం హఠాత్తుగా రాలేకపోతే షిఫ్ట్ మొదలయ్యేలోపు మేనేజర్‌కీ హెచ్‌ఆర్‌కీ మెయిల్ వెళ్ళాలట, లేదా పోర్టల్‌లో పెట్టాలట. వాట్సాప్ లెక్కలోకి రాదట. అందుకని నాది అనుమతి లేని గైర్హాజరు. అలాంటి గైర్హాజరుకు ఎర్న్‌డ్ లీవు వాడుకునే వీల్లేదట. సిక్ లీవు నా ఒంటికి బాగోలేకపోతేనే తప్ప నాన్నకు బాగోలేకపోతే పనికిరాదు. మా పోర్టల్ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో తప్ప తెరుచుకోదు. ఆసుపత్రికి ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళాలా?

మరి రెండు రోజులు నాలుగెలా అయ్యాయి? శాండ్‌విచ్ రూల్. సెలవుకు ముందూ వెనకా గైర్హాజరైతే మధ్యలోని శని, ఆదివారాలు కూడా గైర్హాజరే. ఆ మాట లీవుల అధ్యాయంలో వెతికితే దొరకలేదు. మొదట్లో పదాల అర్థాలు చెప్పే పేజీలో ఒక్క వాక్యంగా ఉంది. చేరిన రోజు యాభై పేజీల మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ పేజీ ఎవరు చదివారు? మీరు చదివారా?

నాకు ఒళ్ళు మండింది మాత్రం లెక్క చూశాకే. నా నెల జీతం అరవై వేలు, అందులో బేసిక్ ఇరవై నాలుగు వేలు. నేను రాని రోజుకు కోసేటప్పుడు మొత్తం జీతాన్ని ముప్పైతో భాగిస్తారు, రోజుకు 2,000. ఉద్యోగం మానేసేటప్పుడు మిగిలిన లీవులకు డబ్బిచ్చేందుకు మాత్రం బేసిక్‌నే ముప్పైతో భాగిస్తారు, రోజుకు 800. అదే మనిషి, అదే రోజు. వాళ్ళు తీసుకునేటప్పుడు ఒక ధర, ఇచ్చేటప్పుడు ఇంకో ధర. మీ హ్యాండ్‌బుక్‌లో ఎన్‌క్యాష్‌మెంట్ పక్కన బేసిక్ అని ఉందో, గ్రాస్ అని ఉందో ఈ రాత్రే చూడండి.

ఈ కోపం నిజానికి డిసెంబరు నాటిది. అప్పటికి నా దగ్గర 41 లీవులు ఉన్నాయి. పది రోజులు కావాలని మేనేజర్‌ని అడిగితే, "రిలీజ్ ఉంది, జనవరిలో తీసుకో" అన్నాడు. నమ్మాను. జనవరి 1న పోర్టల్ తెరిస్తే 30 ఉన్నాయి. పదకొండు పోయాయి. మా హ్యాండ్‌బుక్‌లో క్యారీ ఫార్వర్డ్, అంటే మరుసటి ఏడాదికి మోసుకెళ్ళగల లీవులు, ముప్పైకే పరిమితం. వాళ్ళ చవక ధరకే లెక్కేసినా 8,800 రూపాయలు.

అసలు సంగతి మొన్న తెలిసింది. కర్ణాటక షాపులు, వాణిజ్య సంస్థల చట్టం 1961లో వచ్చింది. అందులో 15వ సెక్షన్ కింద పోగేసుకునే లీవుల పరిమితి ఒకప్పుడు 30 రోజులే. తర్వాత చట్టం సవరించి 45 చేశారు. నావి 41. ఒక్కటి కూడా పోకూడదు. మా హ్యాండ్‌బుక్ ఆ పాత అంకె దగ్గరే ఆగిపోయింది. చట్టం ఇచ్చినదాని కంటే ఎక్కువ ఇవ్వొచ్చు గానీ, తగ్గించడానికి కంపెనీ పుస్తకానికి అధికారం లేదు. మేనేజ్‌మెంట్ హోదాలో ఉన్నవాళ్ళకు ఈ చట్టం వర్తించదు, నేను ఆ హోదాలో లేను.

నా తప్పు ఒకటుంది, దాన్నీ చెబుతున్నాను. డిసెంబరులో నోటిమాటగా అడిగాను. పోర్టల్‌లో పెట్టి ఉంటే, ఆయన కాదన్నది అక్కడే తేదీతో సహా ఉండేది. నేను అడగనే లేదని ఇప్పుడు వాళ్ళు అనగలుగుతున్నారు. మీరు మాత్రం మేనేజర్ ఎంత మంచివాడైనా ముందు అప్లై చేయండి, తిరస్కరిస్తే ఆయన చేతే తిరస్కరించనివ్వండి. ఇంట్లో ఆపద వస్తే బస్సెక్కాక వాట్సాప్‌తో ఆగకండి. ఫోన్‌లోని సొంత మెయిల్ నుంచే హెచ్‌ఆర్‌కి రెండు వాక్యాలు రాయండి: ఏ రోజు నుంచి రాలేను, ఎర్న్‌డ్ లీవు కింద రాసుకోండి. మంజూరైన లీవుకూ మధ్యలోని శని, ఆదివారాలను లెక్కేస్తారా అని కూడా అందులోనే అడగండి.

ఇందాకే మెయిల్ పంపాను. టీమ్ లీడ్ జవాబు స్క్రీన్‌షాట్, ఆసుపత్రి చీటీ, 15వ సెక్షన్ పేజీ జత చేశాను. ఆ రెండు రోజుల్నీ ఎర్న్‌డ్ లీవుగా మార్చమన్నాను, పోయిన పదకొండూ తిరిగి వేయమన్నాను. పేరోల్ 25న మూసేస్తారు. అప్పటిదాకా రోజూ అదే మెయిల్ మీద గుర్తు చేస్తూనే ఉంటాను.